పొడి తల మీద వాన

డోరాయ్ చేతులు చూసినవాళ్లెవరైనా నాలుగిళ్లలో బట్టలుతికే మనిషి అనుకుంటారు. వేళ్ల కొసలు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉంటాయి. గోళ్లు మొదలంటా కత్తిరించి ఉంటాయి. ఆ చేతులతోనే ఆమె మనీలా దగ్గరి కుబావ్‌లోని ఒక పార్లర్లో పంతొమ్మిదేళ్లు ఊరివాళ్ల తలలన్నీ కడిగింది. కత్తెర పట్టుకోనివ్వలేదు, రంగు కలపనివ్వలేదు. తల వెనక్కి వాల్చి పడుకున్న మనిషి నెత్తిన గోరువెచ్చని నీళ్లు పొయ్యడం, నురుగు పోయేదాకా కడగడం, తువాలు చుట్టి పక్క కుర్చీకి పంపడం, అంతవరకే ఆమె పని. ఆ పక్క కుర్చీ వెనక ఒక్కరోజైనా నిలబడాలని పంతొమ్మిదేళ్లు చూసింది. ఆ రోజు రాకముందే పార్లరు మూతపడింది.

ఆ తర్వాత మా టీవీ సీరియల్లోకి వచ్చింది. నేను అక్కడ బట్టల మనిషిని. ముప్ఫై ఏళ్లుగా ఎంతమంది తారలు నా గుండుసూదులకు భయపడ్డారో నాకే గుర్తులేదు. అందరూ నన్ను నానాయ్ పెలాయ్ అంటారు. నానాయ్ అంటే అమ్మ. నేనెవరికీ అమ్మను కాను, అయినా పలుకుతాను. అమ్మా అని పిలిచినవాణ్ణి తిట్టడం సులువు.

డోరాయ్‌ని తీసుకున్నవాడు వెండెల్. సీరియల్లో జుట్టు సంగతులన్నిటికీ అతనే పెద్ద. సింగపూర్లో ఆరు వారాలు నేర్చుకొచ్చాడు. ఆ ఆరు వారాల గురించి ఆరేళ్లుగా చెబుతున్నాడు. అతని దువ్వెనలు కడగడం, బ్రష్షుల్లో వెంట్రుకలు ఏరడం, నటీమణుల తలలకు అంటిన జిగురూ రంగూ కడిగి పంపడం డోరాయ్ పని. ఇక్కడా కుర్చీ వెనక నిలబడేది వేరేవాళ్లే.

నేను చెప్పబోయేది ఆ సీరియల్ ఆఖరి రోజు సంగతి. మనీలా బయట మలోలోస్‌లో ఒక పాత చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మరునాడు పొద్దున ఇంటివాళ్లకు తాళాలు ఇచ్చెయ్యాలి. మే నెల ఎండ. డాబా మీద పరిచిన ఎండుచేప గంటలో కరకరలాడేంత ఎండ.

ఆ పొద్దున డోరాయ్ నా ఇస్త్రీ బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. ఆమె ఊరికే నిలబడే మనిషి కాదు.

"నానాయ్, వచ్చే సీరియల్లో బట్టల దగ్గర నీకో మనిషి కావాలా?"

"ఏం, నీ దువ్వెనలు ఏమయ్యాయి?"

"వెండెల్ సార్ జాబితా రాశాడు. అందులో నేను లేను. కత్తెర తెలిసిన పిల్లల్ని తీసుకుంటాడట. తల కడగడానికి మనిషెందుకు, కుళాయి చాలదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. అప్పుడు ఆయన దువ్వెన నా చేతిలోనే ఉంది. కడుగుతున్నాను."

ఆమెకు యాభై ఆరేళ్లు. ఆ వయసులో మనీలాలో ఏ పార్లరువాడూ కొత్తగా పనిలో పెట్టుకోడు. ఆ జాబితాలో పేరు లేకపోతే మరునాటి నుంచి ఆ చేతులకు పని లేదు. నాకు మనిషి అక్కర్లేదని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం మాట్లాడదాంలే అన్నాను. నా జన్మలో నేను మెత్తగా మాట్లాడిన మాటలు తక్కువ, అది ఒకటి.

ఆ రోజు తియ్యాల్సినవి రెండే ముక్కలు. మొదటిది, తల్లి పాత్ర ఇల్లు వదిలి పోకముందు ఆ పెద్దింట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో గుట్టలు గుట్టలు బట్టలు ఇస్త్రీ చెయ్యడం. రెండోది, కొన్నేళ్ల తర్వాత ఆ తల్లి తుఫానులో తడిసి అదే ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడటం. సీరియల్ మొత్తం ఆ గుమ్మం కోసమే నడిచింది. రెండు వందల రోజులు జనం ఎదురుచూసింది ఆ తడిసిన ముఖం కోసమే.

తల్లి పాత్ర సోలెదాద్ అర్రియెతాది. అరవై ఎనిమిదేళ్ల పెద్ద నటి. డైరెక్టరుతో సహా అందరూ ఆమెను తీతా సోలింగ్ అంటారు, అంటే అత్త వరస. వాన ముక్కలో వీపు కనబడేది పొద్దున్నే తీసేశారు. తీతా సోలింగ్ బదులు డూప్ జెనలిన్‌ని పెట్టి, గొట్టంతో నీళ్లు కురిపించి, వాకిట్లోంచి గుమ్మం దాకా నడిపించారు. గుమ్మంలో ఆమె పక్కకు తిరుగుతుండగా కట్ చేశారు. ఇక ముఖం మాత్రమే మిగిలింది. జెనలిన్ తల తుడిచి ఆరబెట్టింది డోరాయే. ఆ మాట గుర్తుంచుకోండి.

తర్వాత ఇస్త్రీ ముక్క. మా డైరెక్టరు లాండోకి అన్నీ నిజంగా ఉండాలి. పెట్టెలో నిజం నిప్పులు పోయించాడు. పెద్దావిడ లైట్ల కింద మూడు గంటలు ఇస్త్రీ చేసింది. చెమట పట్టింది, చేతులు ఎర్రగా కందిపోయాయి. షాట్ ఓకే అన్నాక లాండో చేతులు రుద్దుకుంటూ, "తీతా, భోంచేసి రండి, తల తడిపేద్దాం" అన్నాడు.

మా దేశంలో పుట్టినవాడు అనాల్సిన మాట కాదది.

తీతా సోలింగ్ వెనక ఆమె ముసలి పనిమనిషి ఆలింగ్ ఉర్సింగ్ నిలబడి ఉంది. ఆలింగ్ అంటే పెద్దావిడ అని మర్యాద. నలభై ఏళ్లుగా ఆమె నీడ. ఉర్సింగ్ ముందుకొచ్చి యజమానురాలికీ డైరెక్టరుకీ మధ్య గోడలా నిలబడింది.

"ఇస్త్రీ చేసిన చేతుల మీద నీళ్లా? ఉడికిన తల మీద నీళ్లా? పాస్మా పడితే ఎవరు చూస్తారు బాబూ, నువ్వు చూస్తావా?"

పాస్మా అంటే మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వేడెక్కిన ఒంటికి చన్నీళ్లు తగిలితే నరాలు ఉబ్బుతాయి, చేతులు వణుకుతాయి, అరచేతులు చెమటలు కక్కుతాయి. ఇస్త్రీ చేసిన రోజు చేతులు కూడా కడుక్కోము. మా అత్త ఒకావిడ ఇస్త్రీ చేసి బావి దగ్గర స్నానం చేసింది. చచ్చేదాకా కాఫీ కప్పు తిన్నగా పట్టుకోలేకపోయింది. డాక్టర్లు అదేమీ లేదంటారు. డాక్టర్లు ఇస్త్రీ చెయ్యరు.

"ఆలింగ్ ఉర్సింగ్, ఇదివరకు వాన సీన్లు చెయ్యలేదా ఈవిడ?" అన్నాడు లాండో.

"చేసింది. ఇస్త్రీ చేసి చెయ్యలేదు. ఈ రెండూ ఒకే రోజు పెట్టిన బుద్ధిమంతుడెవరు?"

అందరూ తలలు దించుకున్నారు. పెట్టింది లాండోనే. ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా అని రెండూ ఇరికించాడు.

తీతా సోలింగ్ కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని అంది: "లాండో, రేపు పొద్దున నా తల మీద నది పోసుకో, ఏమీ అనను. ఇవాళ ఒక్క చుక్క కూడా వద్దు. నా చేతులు వణికితే వచ్చే సీరియల్లో కాఫీ కప్పు నువ్వు పట్టుకుంటావా?"

రేపటికి ఇల్లు లేదు. జెనలిన్ ముఖం చూపించలేరు. తడి లేని ముఖం గుమ్మంలో నిలబెడితే జనం నవ్వుతారు. లాండో వెండెల్ వైపు తిరిగాడు. వెండెల్ నవ్వాడు. సింగపూర్ నవ్వు.

"డిరెక్, నీళ్లెందుకు? మెరుపు కావాలి, అంతేగా. నా దగ్గరుంది."

డైరెక్టరును మేం డిరెక్ అంటాం. వెండెల్ పెట్టెలోంచి పొడుగాటి సీసా తీశాడు. జుట్టు మెరవడానికి రాసే నూనె అది. ముందు జెనలిన్ మీద చూపిస్తానన్నాడు. పొద్దున తడిసిన ఆ పిల్ల తల అప్పటికి ఎండిపోయింది. నూనె అరచేతిలో పోసుకుని మాడు నుంచి కొసల దాకా పట్టించాడు, సన్నపళ్ల దువ్వెనతో నున్నగా దువ్వాడు. జుట్టు తళతళా మెరిసింది. నాకు కూడా బాగుందనే అనిపించింది. గుమ్మంలో నిలబెట్టి కెమెరాలో చూశారు.

లాండో మానిటర్ దగ్గరకు వంగి చూశాడు.

"ఈమె తుఫానులోంచి రాలేదు," అన్నాడు చివరికి. "వారం రోజులు స్నానం చెయ్యకుండా వచ్చింది."

నిజమే. మానిటర్లో ఆ తల ఒకే రేకులా ఉంది, మైనం పూసిన బొమ్మలా. పొద్దున తీసిన షాట్ పక్క తెరలో ఆపి పెట్టారు, అందులో నీళ్లు కారుతున్న తల. రెండూ ఒక మనిషివని ఎవరూ నమ్మరు. వెండెల్ ఇంకాస్త నూనె వేశాడు. అప్పుడు రెండు వారాలు స్నానం చెయ్యనట్టు తయారైంది.

"పోయి కడుక్కోమ్మా," అన్నాడు లాండో జెనలిన్‌తో. "డోరాయ్, కడిగి పంపు."

డోరాయ్ కదలలేదు. పక్క తెరలో ఆపిన షాట్ చూస్తోంది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరకు వెళ్లింది.

"డోరాయ్."

"డిరెక్, తడిసిన జుట్టు మెరవదు," అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అంటే, ఇలా మెరవదు. నూనె తల మొత్తం మెరుస్తుంది. తడి తల గీతలు గీతలుగా మెరుస్తుంది. మధ్యలో నల్లగా ఉంటుంది. చూడండి."

వెండెల్ పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు. "తల కడిగే ఆవిడ పాఠం చెబుతోంది."

"చెప్పనివ్వు," అన్నాడు లాండో. మునిగిపోయేవాడికి తాడు ఎవరు విసిరారన్న పట్టింపు ఉండదు.

డోరాయ్ వేలు తెర మీద పెట్టింది. "నీళ్లు పడితే వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని పాయలవుతాయి. పాయ పైన లావు, కిందకు పోనుపోను సన్నం, కొస సూది. ఏ రెండు పాయలూ ఒక్కలా ఉండవు. పాయకీ పాయకీ మధ్య మాడు కనబడుతుంది. ఒక్కో పాయ మీద ఒక్కో సన్నగీత, గట్టి మెరుపు. పాయ మలుపు తిరిగిన చోట గీత తెగుతుంది. ఇక్కడ తెగింది, ఇదిగో, ఇక్కడ."

"చెయ్యగలవా?"

ఆమె నా వైపు చూసింది. నేను కళ్లతోనే తిట్టాను, చెయ్యగలనని చెప్పవే అని.

"చెయ్యగలను. ఒక్క చుక్క నీళ్లు తగలకుండా. తగిలితే నన్ను ఇప్పుడే పంపెయ్యండి."

"ఎలాగూ రేపు పోయేదానివేగా," అన్నాడు వెండెల్.

"అయితే పోయేది ఏముంది," అంది డోరాయ్. ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి ఎదురుమాట అది. నా ఇస్త్రీ పెట్టె దింపేశాను.

లాండో వేలు చూపించాడు. "చెయ్యి. కుదిరితే వచ్చే సీరియల్లో కుర్చీ నీదే. కుదరకపోతే ఈ గుమ్మం కత్తిరించి, తల్లి చచ్చిపోయిందని ఉత్తరం వచ్చినట్టు తీస్తాను."

రెండు వందల రోజుల కథ ఉత్తరంతో ముగిస్తే మమ్మల్నందరినీ జనం రాళ్లతో కొడతారు. అందుకే ఆ క్షణం నుంచి సెట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

డోరాయ్ అడిగినవి విని మేకప్ అమ్మాయి నవ్వింది. వీధి చివర చిల్లర కొట్టు నుంచి పారదర్శకంగా ఉండే జెల్ డబ్బాలు రెండు. జీపు స్టాండులో జనాన్ని కేకేసి ఎక్కించి డ్రైవర్ల దగ్గర చిల్లర తీసుకునే కుర్రాళ్లు తల నిలబెట్టుకోవడానికి రాసుకునే చవక సరుకు. మేకప్ పెట్టెలోంచి గ్లిసరిన్, దొంగ కన్నీళ్లకు వాడేది. ఒక గిన్నె వేడినీళ్లు. సూదిలేని సిరంజి ఒకటి.

"వేడినీళ్లెందుకు?" ఉర్సింగ్ అనుమానంగా అడిగింది.

"జెల్ డబ్బా అందులో పెడతాను ఆలింగ్ ఉర్సింగ్. చల్లటిది తగిలినా పాస్మాయేగా. వెచ్చబడ్డాక ముందు మీ చేతికి రాస్తాను. మీరు సరేనంటేనే అమ్మగారికి."

ఉర్సింగ్ మణికట్టు చాపింది. పిల్ల పాలసీసా చూసుకున్నట్టు చూసుకుంది, వాసన కూడా చూసింది. "తలలోకి దిగుతుందా?"

"దిగదు. చిక్కన. పైనే ఉంటుంది. కింద జుట్టంతా పొడిగా ఉంచుతాను."

నలభై ఏళ్లలో ఉర్సింగ్ ఒక కొత్త మనిషికి దారి ఇవ్వడం అదే మొదలు. ఇచ్చి, వంటింట్లో అల్లం కషాయం కాస్తానని వెళ్లింది. ఎందుకైనా మంచిదని.

అప్పుడు డోరాయ్ కుర్చీ వెనక నిలబడింది. కుర్చీలో తీతా సోలింగ్ కూర్చుంది. నేను పక్కనే జాకెట్ పట్టుకుని ఉన్నాను కాబట్టి అన్నీ చూశాను.

ముందు జుట్టును రెండు పొరలు చేసింది. పై పొర ఎత్తి క్లిప్పు పెట్టి, అడుగు జుట్టును సన్నసన్న జడలు అల్లి మాడుకు అదిమి పిన్నులు పెట్టేసింది. తడిసిన తల చిన్నదవుతుంది కదా, గాలి పోయి మాడుకు అంటుకుపోతుంది. ఆ ఎత్తు తగ్గించడానికి ఆ జడలు. వాటి మీద ఒక్క బొట్టు ఏదీ పెట్టలేదు.

తర్వాత వెచ్చటి జెల్‌లో గ్లిసరిన్ కలిపింది.

"అది దేనికే?" అన్నాను.

"ఉత్త జెల్ ఈ లైట్ల కింద పావుగంటలో ఎండి పెళుసవుతుంది నానాయ్. తల తిప్పితే పాయ కర్రలా నిలబడుతుంది, తెల్ల పొట్టు రాలుతుంది. గ్లిసరిన్ ఆరదు. పాయ బరువుగా ఊగుతుంది."

పై పొర దించింది. వెడల్పు పళ్ల దువ్వెన ఒక్కసారి గీసి పక్కన పడేసింది. ఇక అంతా వేళ్లే. కొంచెం జుట్టు చిటికెలో పట్టుకుని, మొదలు దగ్గర ఎక్కువ రాసి, కిందకు లాగుతూ, కొస దగ్గర రెండు వేళ్లతో నలిపి సూది చేసింది. తర్వాతి చిటికె సన్నంగా. ఆ తర్వాతిది లావుగా. ఒకటి సగంలో రెండుగా చీల్చింది. వెండెల్ తలుపు దగ్గర నిలబడి, "ఒక వరస లేదు, ఒక పద్ధతి లేదు" అన్నాడు.

"నీళ్లు కొలిచి పంచవు సార్," అంది డోరాయ్ తలెత్తకుండా.

ఆమె జుట్టు పెడుతున్నట్టు లేదు, గుర్తుచేసుకుంటున్నట్టుంది. పంతొమ్మిదేళ్లు రోజుకు ఇరవై ముప్ఫై తలలు. తడిసిన జుట్టు చెవి వెనక ఎలా ఒదుగుతుందో, మెడ మీద ఎటు తిరుగుతుందో ఈ దేశంలో అంతగా చూసినవాళ్లు ఎవరుంటారు? కత్తెరవాళ్లు తల ఆరాక చూస్తారు. ఈమె చూసిందంతా తడి తలలే.

చెంపల దగ్గర నెరిసిన జుట్టు ఉంది. దాన్ని నల్లరంగుతో కప్పుతుందనుకున్నాను. కప్పలేదు. వెంట్రుకల మధ్య సందుల్లోకి జెల్ పోయేసరికి ఆ నెరుపు దానంతటదే ముదురయ్యింది. తడిసిన గుడ్డ ముదురు రంగు పడుతుంది చూడండి, అలాగే. పొడిగా ఉంటే తెల్లగా పైపైకి మెరిసే జుట్టు, ఆ సందులు నిండాక వెలుగును లోపలికి తాగేస్తుంది. ఈ మాట డోరాయ్ చెప్పింది. బట్టల సంగతి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

పొద్దున జెనలిన్ తల తుడిచేటప్పుడు ఆమె అన్నీ గుర్తుపెట్టుకుందని అప్పుడే తెలిసింది. నుదుటి ఎడమవైపు మూడు పాయలు, ఒకటి కనుబొమ్మ దాకా. కుడిచెంప మీద ఒకటి కొంకిలా వంగి నోటి మూల దగ్గర అతుక్కుని. మెడ మీద రెండు కలిసి ఒకటైనవి. ఏదీ తప్పలేదు. చివర్లో సిరంజితో పాయల కొసలకు గ్లిసరిన్ బొట్లు వేలాడదీసింది. ముఖం మీదా కొన్ని అద్దింది. ఊపినా రాలవు, లైట్ల వేడికీ ఆరవు.

జాకెట్ నా పని. తల అంత తడిసి భుజాలు పొడిగా ఉంటే ఎవరు నమ్ముతారు? భుజాల లోపలివైపు పల్చటి ప్లాస్టిక్ కాగితం కుట్టి, పై గుడ్డకు మాత్రం గోరువెచ్చని నీళ్లు బ్రష్షుతో అద్ది తొడిగాను. ఒంటికి చెమ్మ తగలదు. ఉర్సింగ్‌ను అడగలేదు. నేనూ పాస్మా తెలిసినదాన్నే.

గుమ్మంలో నిలబెట్టారు. మానిటర్ చూశాం.

బురదలా ఉంది.

పాయలు ఉన్నాయి, కొసలు ఉన్నాయి, బొట్లు ఉన్నాయి. కానీ మెరుపు లేదు. చెరువులోంచి తీసిన నాచు నెత్తిన పెట్టినట్టుంది. వెండెల్ చాలా నెమ్మదిగా తన సీసాకు మూత పెట్టాడు, చూస్తూ ఉండండి అన్నట్టు. డోరాయ్ అరచేతులు గౌనుకు తుడుచుకుంది.

తర్వాత ఆమె మానిటర్ వైపు చూడలేదు, పైకి చూసింది. తీతా సోలింగ్ ముఖం ముడతలు కనబడకుండా ఎదురుగా తెల్లగుడ్డ కట్టిన పెద్ద లైటు పెట్టి ఉంది.

"మాంగ్ టసియో," అని లైట్‌మ్యాన్‌ను పిలిచింది. మాంగ్ అంటే పెద్దాయన. మా సెట్లో అందరికంటే చిరాకు మనిషి అతను. "ఆ పెద్ద లైటు వెలుగంతా పరిచేస్తోంది. గీత పడటం లేదు. వెనకాల పక్కనుంచి సన్నగా ఒకటి పెడతారా? తలుపు సందులోంచి వెలుగు వచ్చినట్టు."

"నాకు లైట్లు నేర్పుతున్నావా డోరాయ్?"

"లేదు. పార్లర్లో నా బేసిన్ వెనక సన్న కిటికీ ఉండేది. అక్కడ తల ఎత్తితే ప్రతి పాయా కనబడేది. హాల్లోకి వెళ్తే అదే తల మొద్దుగా ఉండేది. నాకు తెలిసింది అంతే."

టసియో గొణిగాడు. గొణుగుతూనే కదిలాడు. ఎదురు లైటు సగం తగ్గించాడు. వెనక కుడిపక్క ఎత్తున ఒక లైటు పెట్టి, దాని ముందున్న రెండు నల్ల రేకులు దగ్గరకు జరిపి బెత్తెడు చీలిక చేశాడు.

వెలిగించాడు.

ప్రతి పాయ మీదా ఒక తెల్లటి గీత లేచింది. దారమంత సన్నంగా, గాజంత గట్టిగా. పాయ వంగిన చోట తెగి, కింద మళ్లీ అందుకుంది. మధ్యలో నల్లటి నీడలు. కొసల్లో బొట్లు చిన్న దీపాల్లా వెలిగాయి. తీతా సోలింగ్ కొద్దిగా తల తిప్పింది. గీతలన్నీ పాయల వెంట జారుకుంటూ కదిలాయి, నీళ్లు కారుతున్నట్టే.

టసియో గొణుగుడు ఆపాడు. లాండో కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఎవరూ కదలకండి," అన్నాడు గొంతు తగ్గించి. "తీయండి."

తీతా సోలింగ్ గుమ్మంలో నిలబడింది. బయట గొట్టంతో వాన కురుస్తోంది, ఆమెకు నాలుగడుగుల దూరంలో. ఆమె ఇల్లంతా చూసింది. ఇస్త్రీ బల్ల ఉండే మూల దగ్గర చూపు ఆగింది. ఒక్క మాటే డైలాగు: "లోపలికి రావచ్చా?" అంది. చెంప మీది కొంకి పాయ ఆ మాటకు కదిలి నోటి మూల దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఆమె వేలితో తీసుకోలేదు. చలికి వణికింది. ఆ ఎండలో, ఆ లైట్ల కింద, పొడి ఒంటితో ఆవిడ వణికింది చూడండి, అదీ నటనంటే.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఆలింగ్ ఉర్సింగ్ వచ్చింది. ఒక చేతిలో కషాయం. దారిలో మానిటర్ కనబడింది. అందులో తన అమ్మగారు, నెత్తిన నీళ్లు కారుతూ, చలికి వణుకుతూ.

కషాయం నేల మీద పడింది. ఉర్సింగ్ ఏదో బల్ల మీదున్న తువాలు లాక్కుని, కేబుళ్లు దాటుకుంటూ, కెమెరాకు అడ్డంగా పరుగెత్తింది.

"చంపేశారు, మా అమ్మగారిని చంపేశారు. డోరాయ్, ఒసే దొంగమొహమా, చుక్క తగలదన్నావు కదే. నలభై ఏళ్లు కాపాడుకున్నాను నేను. నీ చేతులు పడిపోను."

లాండో అప్పటికే కట్ చెప్పాడో, ఉర్సింగ్ వల్ల చెప్పాడో ఇప్పటికీ తేలలేదు, షాట్ మాత్రం దక్కింది. ఉర్సింగ్ తువాలుతో ఆమె తల చుట్టబోయింది. తీతా సోలింగ్ ఆ చెయ్యి పట్టుకుంది. చెంప మీది పాయ దగ్గర పెట్టించి, "నొక్కు" అంది.

ఉర్సింగ్ నొక్కింది. వేళ్లు చూసుకుంది. జిగురు, అంతే.

తీతా సోలింగ్ తల వంచి పై పొర ఎత్తింది. కింద చిన్నచిన్న జడలు, పిన్నులతో అదిమినవి, ఎండుగడ్డిలా పొడిగా. ఉర్సింగ్ వాటిని తడిమింది. మాడు తడిమింది. చెవుల వెనక తడిమింది. జాకెట్లోకి చెయ్యి పెట్టి భుజం తడిమింది.

"పొడిగా ఉంది," అంది మెల్లగా. ఎవరికో కాదు, తనకే చెప్పుకున్నట్టు.

అప్పుడు సెట్టంతా నవ్వింది. టసియో నిచ్చెన మీదే నవ్వాడు. లాండో రెండు చేతులతో ముఖం మూసుకుని నవ్వాడు. కడిగిన తలతో వచ్చిన జెనలిన్ ఏం జరిగిందో తెలియక, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. ఆ అమ్మగారి తల గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఉర్సింగ్. దగ్గరుండి మణికట్టు మీద చూసుకుని మరీ వెళ్లిన మనిషి. ఆమే నమ్మిందంటే ఇక ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడెవడు నమ్మడు?

డోరాయ్ నవ్వలేదు. తలుపు వార నిలబడి కళ్లు తుడుచుకోబోయి, చేతులకు జెల్ ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. నేను వెళ్లి నా చేతిరుమాలుతో తుడిచాను. "చాల్లే, సెట్లో దొంగ కన్నీళ్లు చాలానే ఉన్నాయి" అన్నాను.

లాండో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "డోరాయ్, నీ పూర్తి పేరేంటి? రెండు వందల రోజులు పనిచేశావు, నాకు తెలియదు."

"తియోడోరా మగ్సినో."

"వెండెల్, ఆ జాబితా ఇలా ఇయ్యి."

వెండెల్ ఇచ్చాడు. పాపం, ఇవ్వక తప్పుతుందా. లాండో ఆమె పేరు అన్నిటికంటే పైన రాశాడు, కేశాలంకరణ అన్న మాట కింద, మొదటి వరసలో. వెండెల్ పేరు కొట్టెయ్యలేదు. కొట్టెయ్యమని నేను చెబుదామనుకున్నాను, డోరాయ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె నాకంటే మంచిది. అది నాకు ఎప్పుడూ తెలుసు, ఒప్పుకోవడం ఇదే మొదలు.

వెండెల్ వెళ్తూ వెళ్తూ ఆగాడు. "ఆ జెల్‌లో గ్లిసరిన్ ఎంత కలిపావు?" అన్నాడు, ఎటో చూస్తూ.

"మూడుకి ఒకటి సార్. మీ దువ్వెనలు ఎండలో ఆరబెట్టాను, తీసుకెళ్లండి."

ఇంకో చిక్కు మిగిలింది. అంత జెల్, అంత గ్లిసరిన్ తల మీద. కడగాలంటే నీళ్లు. నీళ్లంటే పాస్మా. ఉర్సింగ్ ససేమిరా అంది. తీతా సోలింగ్ ఆ తలతోనే కారెక్కింది, తడి ఆరనట్టున్న పాయలతో, చిన్న జడలతో, కొసల్లో ఆరని బొట్లతో. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఎవరో జాలిపడి గొడుగు ఇచ్చారట. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మరునాడు పొద్దున్నే ఆమె డోరాయ్ కోసం కారు పంపింది. తన తల కడగడానికి వేరే ఎవరినీ ముట్టుకోనివ్వనంది. డోరాయ్ ఒక గోరువెచ్చని నీళ్ల బిందె పెట్టించుకుని, ఒక్కో పాయ విప్పుతూ, గంటన్నర కడిగిందట. కడిగాక తువాలు చుట్టి, అలవాటు చొప్పున పక్కకు తప్పుకుందట.

"ఎక్కడికి?" అందట తీతా సోలింగ్. "దువ్వేదెవరు? కుర్చీ వెనక్కి రా."

ఆ సంగతి డోరాయ్ నాకు అక్కణ్ణుంచే ఫోనులో చెప్పింది. వెనకాల దువ్వెన జుట్టులోంచి సాగుతున్న చప్పుడు వినబడుతోంది.

"పెట్టెయ్యి," అన్నాను. "ఒక చేత్తో దువ్వకు."

ఇప్పుడు మూడో సీరియల్ నడుస్తోంది. చివర్లో పేర్లు పరుగెత్తేటప్పుడు మా వీధి ఆడవాళ్లు కళ్లు చిట్లించి వెతుకుతారు. నా పేరు బట్టల దగ్గర చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్నెవరూ చూడరు. తియోడోరా మగ్సినో అన్న పేరు మాత్రం ఒక్కటే ఒక వరసలో వస్తుంది. చేతుల వేళ్లు మాత్రం ఇంకా నానిపోయే ఉంటాయి. తలలు ఆమే కడుగుతుంది, కొత్త పిల్లలకు ఇవ్వదు. తడి తల తెలియనివాళ్లకు పొడి తల ఏం తెలుస్తుంది అంటుంది, ఆ కుర్చీ వెనక నిలబడి.